కాలు వాచింది సరే, ఎక్స్‌రే కావల్నా వద్దా?

(కడపలో ఆశా కార్యకర్తలకు, స్కూలు పీఈటీలకు జరిగిన ట్రైనింగ్‌లో ఒక ఎముకల డాక్టరు గారు చెప్పిన మాటలు ఇవి. రికార్డింగ్ విని ఉన్నది ఉన్నట్టు టైప్ చేసినాము.)

మైకు వినపడతాందా వెనకాల? సరే. ఫ్యాను కొంచెం తగ్గించండి, నా గొంతుకన్నా అదే పెద్దగా మాట్లాడతాంది.

మొన్న ఎండాకాలంలో మైదుకూరు పక్క నుంచి ఒకామె వచ్చింది, ముప్పై అయిదేండ్లుంటాయి. వాళ్లింటి ముందర మెట్లకు కడప బండలు పరిచిండారు. పొద్దున్నే కడిగినారు, తడి ఆరలేదు, ఈమె బిందె చంకలో పెట్టుకోని దిగతా ఉంటే ఆఖరి మెట్టు మీద జారి పాదం లోపలికి మడతపడింది, ఒళ్లు బరువంతా దాని మీద పడింది. లేచింది, కుంటుకుంటా ఇంట్లోకి పోయింది, ఆ పూట వంట కూడా చేసిందంట. సాయంత్రానికి పాదం బయటిపక్క వాచింది, పెద్ద వాపేం కాదు. వాళ్లత్త వచ్చి వేళ్లు ఆడించు అనింది, ఆడినాయి. "వేళ్లు ఆడతాండాయి, నడస్తాండావు, ఇరిగింటే నడస్తావా, బెణికింది అంతే" అని ఆవాల నూనె పూసి గట్టిగా నీవినారు. మూడోరోజుకు అడుగు పెట్టలేక నా దగ్గరికి వచ్చింది.

ఇంకో తమాషా చెప్తా. అదే ఇంట్లో ఈమె మరిదికి అంతకు పది రోజుల ముందే వాలీబాల్ ఆడతా కాలు మడతపడింది. ఆ అబ్బోడి చీలమండ గుమ్మడికాయ మాదిరి ఉబ్బింది, నల్లగా కమిలింది, ఇల్లంతా భయపడి ఆటోలో తీసకపోయి చీలమండకొకటి పాదానికొకటి ఎక్స్‌రే తీపించినారు. రెండిట్లోనూ ఏమీ లేదు. అంటే ఇంత వాపున్నోడికే ఏమీ లేకపోతే ఇంత చిన్న వాపుకు ఏముంటాదిలే అని వాళ్ల లెక్క. లెక్క తలకిందులైంది, ఇరిగింది ఈమెకు.

వాపును నమ్మొద్దు అని ఎందుకు చెప్తానంటే, చీలమండ బయటిపక్క ముందర ఎముకనూ ఎముకనూ పట్టుకోని ఉండే నరాల్లాంటి పట్టీలుంటాయి, లిగమెంట్లు అంటాం. అవి చినిగితే వాటి జతలో ఉండే సన్న రక్తనాళాలు కూడా తెగి రక్తమంతా చర్మం కిందకు చేరతాది. అందుకే బెణుకు పెద్దగా ఉబ్బతాది. ఎముక కొసన చిన్న పెచ్చు ఊడితే కారే రక్తం తక్కువ, వాపూ తక్కువే. వేళ్లు ఆడేదీ అంతే. వేళ్లను లాగే కండలు చానా వరకు పిక్కలో, మోకాలి కింద ఉంటాయి, అక్కడి నుంచి తాళ్లు వచ్చి వేళ్లకు తగులుకోని ఉంటాయి. మధ్యలో ఎముక ఇరిగినా తాడు తెగలేదు కదా, వేలు ఆడతాది. ఇంక నడక. మోకాలి కింద రెండెముకలుంటే బరువు మోసేది ఎక్కువగా లోపలి పెద్ద ఎముకే, బయటి సన్న ఎముక మీద పడేది తక్కువ, కాబట్టి అది కొసన ఇరిగినా కొందరు పళ్లు బిగపట్టి నడిచి వస్తారు. మన పల్లెల్లో ఈ మూడు పరీక్షల మీదే కాలు ఇరిగిందా లేదా అని తీర్పు చెప్తాండారు, మూడూ పనికిరానివే.

మరి దేన్ని నమ్మల్ల? వేలిని. రోగి వేలు కాదు, మీ వేలు.

కెనడాలో ఒట్టావా అనే ఊర్లో ఇయాన్ స్టీల్ అనే డాక్టరు, ఆయన జతలో ఇంకొందరు, 1992లో ఒక పద్ధతి రాసినారు, ఒట్టావా యాంకిల్ రూల్స్ అంటారు. వాళ్లకూ మన బాధే. కాలు మడతపడిందని వచ్చిన ప్రతివాళ్లకీ ఎక్స్‌రే తీస్తాండారు, తీసినవాటిలో చానావాటిలో ఏమీ ఉండదు. ఎవరికి తీయకపోయినా నష్టం లేదో ముందే ఎట్ల తెలుసుకోవల్ల అని వెతికి, చివరికి నాలుగు చోట్ల వేలితో నొక్కడం, నాలుగడుగులు నడిపించడం, ఇంతే మిగిల్చినారు. 2003లో ఇట్లాంటి 27 స్టడీలు కలిపి చూసినారు, 15 వేలమందికి పైనే రోగులు. ఈ రూల్ ప్రకారం ఎక్స్‌రే అక్కర్లేదు అన్నవాళ్లలో నిజంగా ఎముక ఇరిగింది నూటికి ఇద్దరికన్నా తక్కువ.

ఇప్పుడు అందరూ కుడికాలు చెప్పు ఇడిసి పక్కోళ్ల కాలు పట్టుకోండి. సిగ్గుపడొద్దు. (నవ్వులు)

చీలమండకు రెండుపక్కలా ఉబ్బెత్తుగా ఎముకలుండాయి కదా, ముందు బయటిపక్కది. దాని కొసన వేలు పెట్టండి, అక్కడి నుంచి ఎముక వెనకంచు మీదనే పైకి నాలుగు వేళ్ల వెడల్పు దాకా, లెక్క ప్రకారం 6 సెంటీమీటర్లు, అంగుళమంగుళమే నొక్కుకుంటా పోండి. వెనకంచు అని ఎందుకంటాండానో వినండి. ముందుపక్క నొక్కితే బెణికినోడు కూడా అమ్మా అంటాడు, ఎందుకంటే చినిగిన లిగమెంటు అక్కడే ఉంటాది. అక్కడ నొప్పి ఉంటే ఎముక సంగతి ఏమీ తెలీదు. వెనకంచున మెత్తగా అడ్డం వచ్చేది తక్కువ, అక్కడ నొక్కి నొప్పంటే అది ఎముక నొప్పి కింద లెక్క. ట్రైనింగ్ అయినంక చానామంది ముందుపక్కే నొక్కి అందరినీ కడపకు పంపుతాండారు, నా ఓపీ నిండతాంది గానీ వాళ్ల బస్సు చార్జీ దండగ.

లోపలిపక్క గుబ్బకూ ఇదే మాదిరి, కొస, వెనకంచు. ఇప్పటికి రెండు చోట్లయినాయి.

మూడోది అందరూ మర్చిపోయేది. చిటికెన వేలి మొదలు దగ్గర నుంచి పాదం బయటంచు మీద వేలు పెట్టి మడమ పక్కకు జరుపుకుంటా రండి. మడమకూ వేలికీ దాదాపు మధ్యలో ఒక ముడి మాదిరి గుబ్బ తగలతాది. తగిలిందా? ఆ... మేడమ్‌కు దొరికింది. చిటికెన వేలికి వెనకాలుండే పొడుగాటి ఎముక మొదలు అది. నాలుగోది లోపలిపక్క, లోపలి గుబ్బకు కొంచెం ముందుకు, కొంచెం కిందకు, పాదం గూడు పైన ఎత్తుగా తగిలే ఎముక, దాన్ని నావిక్యులర్ అంటాం. పేరు గుర్తుండకపోయినా పర్వాలేదు, చోటు గుర్తుంటే చాలు.

నొక్కేటప్పుడు బలంగా పొడవొద్దు. మీ గోరు కొన తెల్లబడేంత నొక్కుడు చాలు. ముందు మంచి కాలు మీద అదే చోట నొక్కి చూపించండి, అప్పుడు వాళ్లకు కూడా తేడా తెలుస్తాది. వాళ్ల నోరు కాదు, మొహం చూడండి.

తర్వాత నాలుగడుగులు, అంటే ఒక్కో కాలికీ రెండుసార్లు బరువు పడల్ల. కుంటినా లెక్కే, అందంగా నడవల్ల అని కాదు. రూల్‌లో రాసింది ఏమంటే పడిన వెంటనే కూడా నాలుగడుగులు వేయలేదు, ఇప్పుడు మన ముందర కూడా వేయలేడు, రెండూ కలిస్తేనే ఎక్స్‌రే. మీకు మాత్రం నేను ఒక మెట్టు దింపి చెప్తా, ఇప్పుడు మీ ముందర నాలుగడుగులు వేయలేకపోతే పంపండి, అప్పుడు నడిచినాడా లేదా అని కోర్టు విచారణ పెట్టొద్దు.

నాలుగు చోట్లలో ఏ ఒక్క చోటైనా ఎముక మీద నొప్పి ఉన్నా, నాలుగడుగులు పడకపోయినా ఎక్స్‌రే. ఏదీ లేకపోతే ఎంత వాపున్నా ఆ రోజుకు అక్కర్లేదు. ఇంకొకటి, రూల్ ఎక్స్‌రే కావల్ల అనిందంటే ఇరిగినట్టు కాదు, అట్ల పంపినవాళ్లలో కూడా ఎక్కువమందికి ఏమీ ఉండదు. కాబట్టి ఇంటికి పోయి నీ కాలు ఇరిగిందంట అని చెప్పి ఏడిపించొద్దు.

ఇప్పుడు మళ్లీ ఆమె దగ్గరికి వస్తాం. నేను నొక్కినాను. బయటి గుబ్బ వెనకంచు, నొప్పి లేదు. కొసన లేదు. ముందుపక్క మెత్తటి చోట ఉండాది, అంటే బెణుకు కూడా ఉన్నట్టే. లోపలిపక్క లేదు. పాదం అంచున ఆ ముడి మీద వేలు పెట్టినానో లేదో కాలు గుంజుకునింది, కండ్లలో నీళ్లు. నాలుగడుగులు వేసింది, కానీ బయటంచు నేలకు తగలకుండా పాదం లోపలి పక్క మీదనే. ముడి నొప్పి ఒక్కటే చాలు ఎక్స్‌రేకు.

ఇక్కడే ఒక చిక్కుండాది. ఆమె నా దగ్గరికి రాకముందు ఒక చోట చీటీ రాయించుకోని వచ్చింది, దాని మీద చీలమండ ఎక్స్‌రే అని ఉండాది. చీలమండ ఫిల్మ్‌లో ఆ ముడి ఒక్కోసారి అంచున పడతాది, ఒక్కోసారి పడదు, పడినా చూసేవాళ్లు గుబ్బల మీదనే చూస్తారు. నొప్పి ముడి మీద ఉంటే తీయాల్సింది పాదం. నేను పాదం అని మార్చి రాసినాను, నేరుగా ఒకటి, ఏటవాలుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. ఏటవాలు ఫిల్మ్‌లో కనపడింది, ముడి కొసన అడ్డంగా సన్న గీత, పెచ్చు రెండు మిల్లీమీటర్లు కూడా జరగలేదు.

అది ఎట్ల ఇరుగుతాదో తెలుసా? పిక్క బయటిపక్క నుంచి ఒక కండ తాడు వచ్చి ఆ ముడికే కట్టుకోని ఉంటాది, అరికాలి పట్టీ కూడా ఒకటి అక్కడికే వస్తాది. పాదం లోపలికి మడతపడినప్పుడు అవి పడకుండా ఆపల్ల అని లాగతాయి, ఆ లాగుడుకు తాళ్లు తెగవు, ముడి పెచ్చు ఊడి వస్తాది. పశువు పలుపు తెంచుకోకుండా గుంజను పీకినట్టు. అందుకే మామూలు బెణుకు మాదిరే పడినా అది ఇరుగుతాది, నొప్పి చీలమండ నుంచి మూడు వేళ్లు దూరంలో ఉంటాది, అందరూ చీలమండే చూస్తారు.

ఆ గీత ముడి కొసన ఉంటే అదృష్టం, దానంతటదే అతుకుతాది. కొంచెం ముందుకు, ముడి నుంచి వేళ్ల పక్కకు ఒకటిన్నర సెంటీమీటరు దూరంలో అడ్డంగా ఇరిగితే అది వేరే జబ్బు అనుకోండి. అక్కడ ఎముకకు రక్తం సరిగా అందదు, అతకడానికి నెలలు పడతాది, కొందరికి అతకదు, స్క్రూ వేయాల్సి వస్తాది. జోన్స్ ఫ్రాక్చర్ అంటాం, లివర్‌పూల్ డాక్టరు రాబర్ట్ జోన్స్ 1902లో దీన్ని గురించి రాసినాడు, ఆయన డ్యాన్సు చేస్తా తన కాలే అట్ల ఇరగ్గొట్టుకున్నాడు. బయటి నుంచి వాపు చూసి ఇది ఏదో అది ఏదో చెప్పలేం. మా అత్త వేలు ఆడించి చూసింది అంటే సరిపోదు అనేది ఇందుకే.

ఈమెకు సిమెంటు కట్టు వేయలేదు. అడుగు గట్టిగా ఉండే బూటు ఇచ్చినాను, నొప్పి ఓర్చుకోగలిగినంత బరువు పెట్టి నడవమన్నాను. వాళ్లాయనకు నచ్చలేదు, ఎముక ఇరిగితే కట్టు వేయరా అని అడిగినాడు. ముడి పెచ్చుకు కట్టు కడితే పిక్క సన్నబడతాది తప్ప తొందరగా అతికేదేం లేదు.

ఇప్పుడు ఈ రూల్‌ను యాడ వాడకూడదో చెప్పకపోతే నేను మీకు కత్తి ఇచ్చి ఒర ఇవ్వనట్టే. పోయిన సంవత్సరం ఒక పెద్దాయన, షుగర్ వచ్చి పదిహేనేండ్లు, బావి దగ్గర కాలు మడతపడిందంట. పాదం వాచింది, ఎర్రగా ఉండాది, పట్టుకుంటే రెండో కాలికన్నా వెచ్చగా ఉండాది. యాడ నొక్కినా నొప్పి లేదంటాడు, నడిచి చూపించు అంటే రోడ్డు దాకా నడిచి వచ్చినాడు. రూల్ ప్రకారం ఎక్స్‌రే వద్దు. తీసి చూస్తే పాదం మధ్య ఎముకలు మూడు చోట్ల చిట్లి జరిగినాయి. నరాలు మొద్దుబారిన కాలికి నొప్పి తెలీదు, నొప్పి తెలీనివాళ్ల దగ్గర నొప్పిని అడిగే పరీక్ష పనికిరాదు. షుగర్ వాళ్లకు దెబ్బ తగిలి పాదం వాచి వెచ్చగా ఉంటే, నొప్పి లేదన్నా సరే, ఆ కాలు కింద పెట్టనీకుండా పంపండి. తాగి పడినోళ్లకూ ఇదే సంగతి, మందు దిగినాక మళ్లీ నొక్కి చూడండి. వాపు ఎంత ఎక్కువంటే వేలికి ఎముకే తగలట్లేదు అంటే అప్పుడు కూడా రూల్ లేదు, పంపండి.

ఎత్తు నుంచి పడినవాళ్లు ఇంకొకటి. సెంట్రింగ్ పనివాళ్లు, చింతకాయ కోయను చెట్టెక్కినోళ్లు, నేరుగా మడమల మీద పడతారు. ఒట్టావా వాళ్ల నాలుగు చోట్లలో మడమ లేదు. మడమను రెండు అరచేతుల మధ్య పెట్టి పక్కల నుంచి అదిమితే ప్రాణం పోయినట్టు అరిస్తే, రెండో రోజుకు అరికాలి మీదకు నలుపు దిగితే, మడమ ఇరిగినట్టే అనుకోని పంపండి. వాళ్లను నడిపించి చూడొద్దు. జతలో నడుము నొప్పి ఉందా అని తప్పకుండా అడగండి, మడమ ఇరిగినవాళ్లలో కొందరికి వెన్నుపూస కూడా నలుగుతాది, మడమ నొప్పి ముందర ఆ నొప్పి వాళ్లకు కనపడదు. అరికాలి మధ్యలో నలుపు వస్తే అది ఇంకో రకం, పాదం నడిమి కీలు తప్పినట్టు. దాన్ని పండుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో పట్టలేకపోవచ్చు, నిలబెట్టి బరువు పెట్టించి తీయల్ల. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు సార్ అని పదిరోజులైనా పాదం మధ్యలో బరువు పెట్టలేకపోతే మళ్లీ రమ్మనండి.

ఇంక కాలు వంకర తిరిగింటే, చర్మం చినిగి ఎముక కనపడతాంటే, వేళ్లు చల్లగా తెల్లగానో నీలంగానో అయినా, తిమ్మిరెక్కినా నొక్కేది లేదు నడిపించేది లేదు, ఉన్నది ఉన్నట్టు అట్టముక్కో దిండో ఆనించి కట్టి 108కి ఫోన్ చేయండి.

(సభలో నుంచి ఒకామె: సార్, ఎక్స్‌రేకు పోయేలోపల మేము ఏం చేయల్ల?)

మంచి మాట అడిగినావమ్మా. మొట్టమొదట మెట్టెలు, పట్టీలు తీసేయండి. ఇది పుస్తకాల్లో సరిగా రాయరు. వాపెక్కినాక మెట్టె వేలిని కోసుకుంటా పోతాది, నేను కట్టరుతో కోసి తీసిన మెట్టెలు లెక్కలేనన్ని. సబ్బు నురగ పూసి తిప్పుకుంటా లాగితే మొదటి గంటలో వచ్చేస్తాది. తర్వాత కాలు గుండెకన్నా ఎత్తులో రెండు దిండ్ల మీద పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట, ఇరవై నిమిషాలు. రెండు మూడు గంటలకొకసారి. నూనె పూసి నీవేది వద్దు, వేడి కాపడం మొదటి రెండు రోజులు వద్దు, రక్తం కారేదాన్ని ఇంకా కారమని పిలిచినట్టు అది. పిండికట్టు, వెదురు బద్దల కట్టు బిగించి కట్టేది అసలే వద్దు. వాపు ఇంకా పెరిగే టైములో బిగించిన కట్టు లోపల కాలికి చోటుండదు. కట్టు కట్టినాక నొప్పి తగ్గకుండా పెరిగిందంటే, వేళ్లు కదిలిస్తే పిక్కలో పోటు వస్తాందంటే పొద్దుటి దాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా కట్టు కోసేయండి.

(పీఈటీ ఒకాయన: పిల్లోళ్లకు ఇదే పనికొస్తాదా సార్?)

అయిదేండ్లు దాటినవాళ్లలో పనిచేస్తాదని తర్వాత చేసిన స్టడీల్లో తేలింది. అంతకన్నా చిన్నపిల్లోళ్లకు వద్దు, వాళ్లు నొప్పి యాడో చెప్పలేరు. మీ స్కూల్లో పది పన్నెండేండ్ల పిల్లోళ్ల పాదం ఎక్స్‌రేలో ఆ ముడి దగ్గర ఒక గీత సహజంగానే ఉంటాది, ఎముక ఇంకా పెరిగే చోటు అది. ఆ గీత ఎముక పొడుగునా పోతాది, ఇరిగిన గీత అడ్డంగా పోతాది. తెలీక మంచి కాలికి కట్టు వేసినవాళ్లుండారు. మీరు చెప్పాల్సింది ఒకటే, వేలు పెట్టి నొక్కితే ఆ ముడి మీద నొప్పి ఉందా లేదా, అది చీటీ మీద రాసి పంపండి.

(ఇంకొకామె: కడుపుతో ఉన్నోళ్లకు ఎక్స్‌రే తీయొచ్చా?)

పాదానికి తీసే ఎక్స్‌రే డోసు చానా తక్కువ, కడుపు దాకా పోయేది లేనట్టే. కావల్సినప్పుడు తీయొచ్చు, టెక్నీషియన్‌కు ముందే చెప్పల్ల. స్టీల్ వాళ్లు ఆ మొదటి స్టడీలో కడుపుతో ఉన్నవాళ్లను తీసుకోలేదు, కాబట్టి వాళ్ల సంగతి మీరే తేల్చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఏమప్పా, ఆమె సంగతి ఏమైందని అడుగుతాండావా? ఆరు వారాలకు వచ్చింది, బూటు ఇడిసి మామూలు చెప్పులతో. మళ్లీ ఎక్స్‌రే తీయించినాను, గీత ఇంకా లీలగా కనపడతానే ఉండాది, వాళ్లాయన అది చూసి ఇంకా అతకలేదా సార్ అని మొహం వేలాడేసినాడు. ఫిల్మ్ పక్కన పెట్టి ఆ ముడి మీద గోరు తెల్లబడేదాకా నొక్కినాను. ఆమె కాలు గుంజుకోలేదు, బిందె ఎప్పటి నుంచి ఎత్తొచ్చు అని అడిగింది.